మూడు మూలాలున్న ఘన బహుపది: రెండు మూలాల మధ్య అవకలజం సున్నా కాక ఎందుకు తప్పదు?

కృష్ణాతీరం

అందరికీ నమస్కారం. ప్రశ్న ఇంటర్ 1బి స్థాయిదే, కానీ ఎంత చదివినా నాకు పూర్తిగా లోపలికి దిగడం లేదు.

f(x) = x(x − 3)(x − 8) తీసుకున్నాను. మూలాలు 0, 3, 8. విప్పితే x³ − 11x² + 24x వస్తుంది. అవకలజం 3x² − 22x + 24, అంటే (3x − 4)(x − 6). దాని మూలాలు 4/3, 6. మొదటిది 0కీ 3కీ మధ్య పడింది, రెండోది 3కీ 8కీ మధ్య పడింది. లెక్క సరిపోయింది.

సరిపోవడం వేరు, సరిపోక తప్పకపోవడం వేరు కదా. ఎక్కడ చూసినా ఒకే మాట: గ్రాఫు ఒక మూలం దగ్గర అక్షాన్ని వదిలి పైకి లేచింది, ఇంకో మూలం దగ్గర మళ్ళీ అక్షానికి రావాలి, కాబట్టి మధ్యలో ఎక్కడో మలుపు తిరగాలి, మలుపు దగ్గర వాలు సున్నా. బొమ్మ ముందుంటే ఒప్పుకుంటాను. బొమ్మ తీసేసి అడిగితే ఏం చెప్పాలి?

రెండో సందేహం: 0, 3 మధ్య మలుపు సరిగ్గా నడిమధ్యన 1.5 దగ్గర ఎందుకు రాలేదు? 1.33 దగ్గరికి ఎందుకు జరిగింది?

గోదారిగట్టు

ఇది తేలికేనండీ. అవకలజానికి 4/3, 6 అని రెండు మూలాలు వచ్చాయి. వాటి మధ్య 3 ఉంది, అది f మూలం. అవకలజానికి రెండు మూలాలుంటే వాటి మధ్య అసలు బహుపదికి ఒక మూలం ఉండి తీరాలి. ఒక మలుపు శిఖరం, రెండోది లోయ. శిఖరం నుంచి లోయకి దిగేటప్పుడు అక్షాన్ని దాటాలి కదా.

వెన్నెల

గోదారిగట్టు గారూ, మీరు ప్రశ్నని తిరగేసి చదివారు. అడిగింది f మూలాల మధ్య f′ మూలం గురించి. మీరు చెప్పింది f′ మూలాల మధ్య f మూలం గురించి. ఆ రెండోది నిజం కాదు.

x³ − 3x + 5 చూడండి. అవకలజం 3x² − 3, మూలాలు −1, 1. −1 దగ్గర విలువ −1 + 3 + 5 = 7. 1 దగ్గర 1 − 3 + 5 = 3. శిఖరం ఎత్తు 7, లోయ ఎత్తు 3. శిఖరం నుంచి లోయకి దిగుతుంది, నిజమే, కానీ లోయ కూడా అక్షానికి పైనే ఉంది. ఆ మధ్యలో మూలమే లేదు. ఈ బహుపదికి ఉన్న ఒకే ఒక వాస్తవ మూలం −1కి ఎడమ పక్కన ఎక్కడో ఉంది.

సున్నాచుట్టు

కృష్ణాతీరం గారికి బొమ్మ లేని జవాబు ఇదిగో. 0, 3 మధ్య f ధనాత్మకం: x = 1 దగ్గర 1 · (−2) · (−7) = 14. రెండు చివర్లలో సున్నా. కాబట్టి ఆ అంతరంలో f అత్యధిక విలువ చివర్లలో రాదు, లోపలే ఎక్కడో వస్తుంది. ఆ చోట వాలు ధనాత్మకం అయితే కొంచెం కుడికి జరిగితే f ఇంకా పెరగాలి, అప్పుడది అత్యధికం కాదు. వాలు ఋణాత్మకం అయితే కొంచెం ఎడమకి జరిగితే పెరగాలి, అదీ కుదరదు. మిగిలింది సున్నా. అంతే.

ఏ బహుపదికైనా ఇదే. పక్కపక్కనున్న రెండు మూలాల మధ్య అవకలజానికి సరిగ్గా ఒకే ఒక్క మూలం ఉంటుంది.

లెక్కలబడి

సున్నాచుట్టు గారి మొదటి పేరా బాగుంది. ఆఖరి వాక్యం మాత్రం నిలవదు.

(x² − 4)(x² + 1) తీసుకోండి. వాస్తవ మూలాలు −2, 2 మాత్రమే, అవి పక్కపక్కవే. విప్పితే x⁴ − 3x² − 4. అవకలజం 4x³ − 6x = 2x(2x² − 3). దాని మూలాలు 0, ఇంకా దాదాపు ±1.22. మూడూ −2, 2 మధ్యలోనే ఉన్నాయి. రెండు మూలాల మధ్య గ్రాఫు ఒకసారి దిగి, కొంచెం లేచి, మళ్ళీ దిగి, అప్పుడు పైకి వచ్చింది. కాబట్టి "కనీసం ఒకటి" అనాలి. మూలాలన్నీ వాస్తవమైతే అది "ఒకే ఒక్కటి" అవుతుంది. కృష్ణాతీరం గారి ఘన బహుపదికి ఆ మాట లెక్కపెట్టి కూడా చెప్పొచ్చు: అవకలజం వర్గ బహుపది, దానికి రెండుకి మించి మూలాలు లేవు, అంతరాలు రెండు, ఒక్కో దాంట్లో కనీసం ఒకటి ఉండాలి.

ఇక అసలు ప్రశ్న. సున్నాచుట్టు గారి రుజువులో "అత్యధిక విలువ లోపల ఎక్కడో వస్తుంది" అన్న చోట ఒక మెట్టు దాగుంది. చివరలు కలిపిన అంతరం మీద అవిచ్ఛిన్న ప్రమేయం తన గరిష్ఠాన్ని నిజంగా అందుకుంటుంది అన్న ఫలితం అది. నిజమే, కానీ చిన్న ఫలితం కాదు. బహుపదులకి ఆ దారి అవసరం లేకుండా ఇంకో దారి ఉంది, నాకు అదే ఇష్టం. మూలాల దగ్గర అవకలజం గుర్తు ఏమిటో చూడటం.

f(x) = x · q(x) అని రాయండి, q(x) = (x − 3)(x − 8). లబ్ధ సూత్రంతో f′(x) = q(x) + x · q′(x). ఇందులో x = 0 పెడితే రెండో పదం పూర్తిగా పోతుంది. f′(0) = q(0) = (−3)(−8) = 24. అంటే ఒక మూలం దగ్గర అవకలజం విలువ కావాలంటే ఆ మూలం తాలూకు కారణాంకాన్ని తీసి పక్కన పెట్టి, మిగిలిన కారణాంకాల్లో ఆ విలువ వేస్తే చాలు.

3 దగ్గర (x − 3) తీసేయండి: 3 · (3 − 8) = −15. 8 దగ్గర (x − 8) తీసేయండి: 8 · (8 − 3) = 40. వరసగా 24, −15, 40.

ఈ గుర్తులు మారక తప్పదు. 0 నుంచి చూస్తే మిగతా రెండు మూలాలూ కుడివైపున ఉన్నాయి, తేడాలు రెండూ ఋణాత్మకం, లబ్ధం ధనాత్మకం. 3 నుంచి చూస్తే ఒక మూలం కుడివైపుంది, మరొకటి ఎడమవైపుకి వచ్చేసింది, ఒకే ఒక్క తేడా ఋణాత్మకం. ఒక మూలం నుంచి పక్క మూలానికి జరిగిన ప్రతిసారీ కుడివైపున్న మూలాల సంఖ్య ఒకటి తగ్గుతుంది, గుర్తు తిరగబడుతుంది. f′ కూడా బహుపదే, దానికి తెగడం లేదు. 24 నుంచి −15కి వెళ్ళే దారిలో సున్నా దాటకుండా వెళ్ళలేదు.

చేత్తో వెతికి చూడండి. f′(1) = 3 − 22 + 24 = 5. f′(2) = 12 − 44 + 24 = −8. అంటే 1, 2 మధ్య ఉంది. f′(1.5) = 6.75 − 33 + 24 = −2.25. అంటే 1, 1.5 మధ్యకి వచ్చాం. f′(1.3) = 0.47, f′(1.4) = −0.92. ఇలా ఇరుకు చేసుకుంటూ పోతే 4/3 మీదికి చేరతాం. బొమ్మ ఎక్కడా వాడలేదు.

కృష్ణాతీరం

లెక్కలబడి మాస్టారూ, కుడివైపు మూలాలు లెక్కపెట్టడం దగ్గర ముడి విడిపోయింది. ఇన్నాళ్ళూ f గ్రాఫు వైపే చూస్తున్నాను, f′ గుర్తు వైపు చూడలేదు.

అయితే వెంటనే ఇంకో చోట ఆగిపోయాను. మూడో మూలాన్ని 8 నుంచి తెచ్చి 3 మీద పెట్టాను: x(x − 3)². మీ పద్ధతిలో f′(0) = (−3)² = 9. f′(3) కోసం ఒక (x − 3) తీసినా ఇంకోటి మిగిలింది, కాబట్టి f′(3) = 0. ఇప్పుడు 9 నుంచి 0కి వెళ్తోంది, గుర్తు మారలేదు. ఇక్కడ మధ్యలో మూలం ఉందని ఎలా అనగలం? 3 దగ్గరే సున్నా దొరికింది కాబట్టి పని అయిపోయినట్టేనా?

సున్నాచుట్టు

అయిపోయినట్టేనండీ, 3 దగ్గర సున్నా వచ్చిందిగా.

లెక్కలబడి

కాదండీ. అడిగింది 0కీ 3కీ నడుమ, చివరలు కాకుండా. చాలామంది ఇక్కడే ఆగిపోయి 3 అని రాసేస్తారు. అది చివర, మధ్య కాదు. నడుమ నిజంగా ఇంకొకటి ఉంది.

గుర్తు పద్ధతి 3 దగ్గర మూగబోయిందంతే. దాన్ని మాట్లాడించాలంటే f′ నుంచి (x − 3)ని బయటికి తీయాలి. f(x) = x · (x − 3)². అవకలజం (x − 3)² + 2x(x − 3), అంటే (x − 3) · [(x − 3) + 2x]. చదరపు బ్రాకెట్‌లో ఉన్నది 3x − 3. 0 దగ్గర అది −3, 3 దగ్గర 6. గుర్తులు వేరు, నడుమ సున్నా కావాలి, అది x = 1 దగ్గర. అక్కడ బయటి కారణాంకం (x − 3) సున్నా కాదు, కాబట్టి ఆ సున్నా బ్రాకెట్‌దే.

ఎన్నిసార్లు తిరిగొచ్చే మూలాలకైనా ఇదే దారి. పక్కపక్క మూలాలు a, b అనుకోండి, a m సార్లు, b n సార్లు వస్తుంది. f(x) = (x − a)^m (x − b)^n g(x), a, b మధ్య g సున్నా కాదు. f′ నుంచి (x − a)^(m−1), (x − b)^(n−1) బయటికి లాగితే మిగిలేది

```
h(x) = m(x − b)g(x) + n(x − a)g(x) + (x − a)(x − b)g′(x)
```

a దగ్గర h విలువ m(a − b)g(a). b దగ్గర n(b − a)g(b). a, b లను కలుపుకుని కూడా g ఎక్కడా సున్నా కాదు, కాబట్టి దాని గుర్తు మారదు. (a − b), (b − a) గుర్తులు వేరు. h విలువలు రెండూ ఎదురెదురు గుర్తులతో ఉంటాయి, నడుమ h సున్నా అవుతుంది. రోల్ సిద్ధాంతం బహుపదులకి ఇంతే. g′ ఎంత వంకరగా ఉన్నా పట్టించుకోనక్కరలేదు, ఎందుకంటే చివర్లలో ఆ పదం పూర్తిగా పోతుంది.

సర్క్యూట్‌రావు

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నా దగ్గరున్న ఒక ప్రమేయం దీనికి ఎదురు తిరుగుతోంది. f(x) = (x − 1)(x − 4)/(x − 2). 1 దగ్గర సున్నా, 4 దగ్గర సున్నా. ప్రోగ్రామ్‌లో f′ = 0 వెతికిస్తే వాస్తవ సమాధానం లేదంటోంది. ప్రోగ్రామ్‌లో తప్పుందని రెండు రోజులుగా వెతుకుతున్నాను. తప్పు ఎక్కడ?

వెన్నెల

ప్రోగ్రామ్‌లో తప్పు లేదండీ. f బహుపది కాదు, హారంలో (x − 2) ఉంది. భాగహారం చేయండి: (x − 2)(x − 3) = x² − 5x + 6, మీ లవం x² − 5x + 4, కాబట్టి f(x) = x − 3 − 2/(x − 2). అవకలజం 1 + 2/(x − 2)². ఇది ఎప్పుడూ 1 కంటే ఎక్కువే. సున్నా అయ్యే ప్రసక్తే లేదు.

1 దగ్గర అక్షాన్ని దాటి పైకి వెళ్ళిన గ్రాఫు 2 దగ్గర అనంతానికి పోయి తెగిపోయింది. 2 దాటాక అట్టడుగు నుంచి మళ్ళీ లేచి 4 దగ్గర అక్షాన్ని దాటింది. తిరిగి కిందికి దిగాల్సిన అవసరమే రాలేదు. రెండు మూలాల వద్దా వాలు ధనాత్మకమేనని మీరే లెక్క వేసుకోవచ్చు: 1 దగ్గర 1 + 2 = 3, 4 దగ్గర 1 + 2/4 = 1.5. గుర్తు మారలేదు.

ఇలాంటి ప్రమేయం చేతికొస్తే ముందు రెండు మూలాల మధ్య హారం ఎక్కడైనా సున్నా అవుతోందా అని చూడండి. అవుతుంటే రోల్ సిద్ధాంతం మీకు ఏ హామీ ఇవ్వదు.

సర్క్యూట్‌రావు

ధన్యవాదాలండీ. 1 నుంచి 4 దాకా ఒకే ముక్క అనుకుని వెతికిస్తున్నాను. దాన్ని 2 దగ్గర రెండు ముక్కలు చేయాలన్నమాట.

సున్నాచుట్టు

లెక్కలబడి గారి రుజువు చూశాక ఒక మాట తేలింది. ఇందులో కలనగణితం లేదు. అవకలజం అంటే xⁿకి బదులు n·xⁿ⁻¹ రాయడం, లబ్ధ సూత్రం, గుర్తుల లెక్క. మొత్తం బీజగణితమే. పరిమితులు అక్కర్లేదు, అవిచ్ఛిన్నత అక్కర్లేదు.

వెన్నెల

సగం ఒప్పుకుంటాను. f′(0) = 24, f′(3) = −15 అన్నంత వరకూ బీజగణితమే. "24 నుంచి −15కి వెళ్తూ సున్నా దాటక తప్పదు" అన్న ఒక్క మెట్టు మాత్రం బీజగణితం కాదు.

అకరణీయ సంఖ్యలు మాత్రమే ఉన్న లోకంలో ఉన్నామనుకోండి. (x − 1)(x − 2)(x − 3) తీసుకోండి. మూలాలు 1, 2, 3, అన్నీ అకరణీయాలే. అవకలజం 3x² − 12x + 11. 1 దగ్గర 2, 2 దగ్గర −1, 3 దగ్గర 2. గుర్తులు చక్కగా మారాయి. సున్నా అయ్యే చోట్లు 2 ± 1/√3, దాదాపు 1.423, 2.577. ఇవి కరణీయాలు, ఆ లోకంలో లేవు. గుర్తు మారింది, సున్నా దొరకలేదు. మీరు చెప్పిన సూత్రాలన్నీ అక్కడ కూడా పనిచేస్తాయి, లబ్ధ సూత్రంతో సహా, అయినా ఫలితం తప్పింది. వాస్తవ సంఖ్యల్లో ఖాళీలు లేకపోవడమే ఆ మెట్టుని నిలబెడుతోంది.

సంకీర్ణ సంఖ్యల్లోకి వెళ్తే "మధ్య" అన్న మాటే జారిపోతుంది. x³ − 1 మూలాలు మూడు, అవి ఒక సమబాహు త్రిభుజం శీర్షాలు. అవకలజం 3x², సున్నా కేంద్రం దగ్గర మాత్రమే. ఏ రెండు మూలాలు కలిపే భుజం మీదా అది లేదు. త్రిభుజం లోపల ఉంటుందని మాత్రం చెప్పగలం, దాన్ని గాస్–లూకాస్ సిద్ధాంతం అంటారు.

సున్నాచుట్టు

ఘన బహుపదికి అయితే అవకలజం వర్గ బహుపది. వర్గమూలం ఉంటే చాలు, ఖాళీలు లేని మొత్తం వాస్తవ సంఖ్యలు అక్కర్లేదు. మూలాలు 0, a, b అయితే f′ = 3x² − 2(a + b)x + ab. సూత్రం పెడితే వర్గమూలం లోపల వచ్చేది (a + b)² − 3ab, అంటే a² − ab + b². a, b రెండూ సున్నా కానంత వరకూ అది ధనాత్మకం. ధన సంఖ్యలకి వర్గమూలం ఉందంటే చాలు. ఘన బహుపది వరకు నా మాట నిలుస్తుందనే అంటున్నాను.

వెన్నెల

ఘన బహుపదికి సరే, వర్గమూలాలున్న లోకంలో అది పూర్తిగా బీజగణితమే. ఎక్కువ ఘాతాలకి మాత్రం ఒప్పుకోను. "ధన సంఖ్యకి వర్గమూలం ఉంది" అన్నదీ ఖాళీల మాటే అని నా లెక్క. దీన్ని బీజగణితం అనాలా వద్దా అన్న దగ్గర మనిద్దరం కలవకపోవచ్చు.

లెక్కలబడి

అది అలా ఉండనివ్వండి. కృష్ణాతీరం గారి రెండో ప్రశ్న ఇంకా మిగిలే ఉంది: 1.5 దగ్గర కాకుండా 4/3 దగ్గర ఎందుకు?

f′ ని f తో భాగించండి. ప్రతి కారణాంకం విడిపోయి

```
f′(x)/f(x) = 1/x + 1/(x − 3) + 1/(x − 8)
```

అవుతుంది. 0, 3 మధ్య f సున్నా కాదు కాబట్టి f′ = 0 అయ్యే చోటు, ఈ మొత్తం సున్నా అయ్యే చోటు ఒకటే. ఇప్పుడు ఆ మధ్యలో x దగ్గర ఒక పూస ఉందనుకోండి. ఒక్కో మూలం ఆ పూసని తన నుంచి దూరంగా నెడుతుంది, దూరం ఎంత తక్కువైతే నెట్టుడు అంత ఎక్కువ, సరిగ్గా 1/దూరం. 0 కుడికి నెడుతుంది. 3, 8 రెండూ ఎడమకి నెడతాయి.

4/3 దగ్గర దూరాలు చూడండి. 0 నుంచి 4/3, 3 నుంచి 5/3, 8 నుంచి 20/3. వ్యుత్క్రమాలు 3/4, 3/5, 3/20. కుడికి 0.75. ఎడమకి 0.60 + 0.15, అదీ 0.75. సరిసమానం, పూస కదలదు.

8 అక్కడ లేకపోతే 0, 3 రెండే సమానంగా నెట్టుకుని పూస 1.5 దగ్గర ఆగేది. దూరాన ఉన్న 8 కొంచెం ఎడమకి నెట్టింది, 4/3కి జరిగింది. రెండో మలుపులోనూ ఇదే కనిపిస్తుంది. 3, 8 నడిమధ్య 5.5. ఎడమనున్న 0 కుడికి నెట్టింది, పూస 6 దగ్గర ఆగింది. సరిచూడండి: 1/6 + 1/3 = 1/2, ఎదుటినుంచి 8 నెట్టేది 1/2.

ఎంత జరగగలదో కూడా చెప్పొచ్చు. మూడో మూలాన్ని కుడివైపు ఎంత దూరానికి తీసుకెళ్ళినా పూస 1.5కి దగ్గరవుతుంది, దాటదు. దగ్గరికి తెస్తే ఎక్కువలో ఎక్కువ 3 మీదికి తేవాలి, ఎందుకంటే 0, 3 పక్కపక్క మూలాలు. అప్పుడు బహుపది x(x − 3)², దాని మలుపు 1 అని పైన చూశాం. మూడో మూలం కుడివైపుంటే పూస 1, 1.5 మధ్యే తిరుగుతుంది. ఎడమవైపుంటే 1.5, 2 మధ్య. మొత్తం మీద అంతరాన్ని మూడు సమాన భాగాలు చేస్తే మధ్య భాగం దాటి పూస బయటికి పోదు. మూడు మూలాలూ వాస్తవమైన ఘన బహుపదికి అవకలజం మూలం లెక్క వేసినప్పుడు అది మధ్య మూడోవంతులో పడకపోతే ఎక్కడో గుర్తు తప్పిందని అర్థం, మళ్ళీ చేసుకోండి.

మూలాలన్నీ వాస్తవమైతే ఒక్కో అంతరంలో "ఒకే ఒక్కటి" ఎందుకో కూడా ఈ పూసే చెబుతుంది. పూస కుడికి జరిగేకొద్దీ 1/(x − r) అనే ప్రతి పదం తగ్గుతూనే ఉంటుంది. తగ్గుతూనే ఉన్న మొత్తం ఒక అంతరంలో రెండుసార్లు సున్నా కాలేదు.

కృష్ణాతీరం

3/4 = 3/5 + 3/20 చూడగానే నా రెండో సందేహం తీరిపోయింది. మధ్య మూడోవంతు మాట ఎక్కడా వినలేదు, నోట్సులో రాసుకున్నాను.

గోదారిగట్టు

నా మొదటి పోస్టు తప్పని ఒప్పుకుంటున్నాను, వెన్నెల గారూ. అయినా దానిలో పనికొచ్చే ముక్క ఒకటుంది. f′ మూలాల దగ్గర f విలువల గుర్తు కూడా చూస్తే f కి ఎన్ని మూలాలో చెప్పొచ్చు. x³ − 11x² + 24x + k = 0కి మూడు వేర్వేరు వాస్తవ మూలాలు ఉండాలంటే k ఎంత ఉండాలి అనే లెక్క ఇలాగే వస్తుంది.

k లేకుండా శిఖరం ఎత్తు f(4/3) = (4/3)(−5/3)(−20/3) = 400/27, దాదాపు 14.8. లోయ f(6) = 6 · 3 · (−2) = −36. k కలిపితే గ్రాఫు మొత్తం k అంత పైకి జరుగుతుంది. మూడు మూలాలుండాలంటే శిఖరం పైన, లోయ కింద ఉండాలి: 400/27 + k > 0, −36 + k < 0. అంటే k −400/27కీ 36కీ మధ్య.

లెక్కలబడి

చక్కగా చెప్పారు. అంచు కూడా ఒకసారి చూడండి. k = 36 పెడితే లోయ సరిగ్గా అక్షాన్ని తాకుతుంది, 6 రెండుసార్లు వచ్చే మూలం అవుతుంది. x³ − 11x² + 24x + 36 = (x − 6)²(x + 1). విప్పి చూసుకోండి, సరిపోతుంది.

మిషెల్ రోల్ 1690లో అచ్చేసిన బీజగణిత గ్రంథంలో ఈ ఫలితాన్ని వాడుకున్నది కూడా మూలాలు ఎక్కడెక్కడున్నాయో విడదీసి పట్టుకోవడానికే. అవకలజం మూలాలతో అక్షాన్ని ముక్కలు చేస్తే ఒక్కో ముక్కలో f కి ఒకటికి మించి మూలం ఉండదు. చివర్ల గుర్తులు వేరైతే ఒకటుంది, ఒకటే అయితే లేదు.

ప్రశ్నపత్రం

ఇంతసేపూ చూస్తున్నాను, నాకు వేరే సందేహం వచ్చింది. 0, 3, 8 తీసుకుంటే అవకలజం మూలాలు 4/3, 6 అని శుభ్రంగా వచ్చాయి. 1, 2, 3 తీసుకుంటే √3 వచ్చింది. పిల్లలకి లెక్కలు ఇచ్చేటప్పుడు శుభ్రంగా వచ్చే మూలాలు ముందే ఎంచుకోవడం ఎలా?

సున్నాచుట్టు

పైన నేను రాసిన a² − ab + b² పరిపూర్ణ వర్గం కావాలి. a = 3, b = 8 అయితే 9 − 24 + 64 = 49, వర్గమూలం 7. f′ మూలాలు (11 ± 7)/3. a = 5, b = 8 పెట్టినా 25 − 40 + 64 = 49. మూలాలు (13 ± 7)/3, అంటే 2, 20/3. 60° కోణం ఉన్న త్రిభుజంలో మూడు భుజాలూ పూర్ణాంకాలు అయ్యే జతలు వెతకండి, 3–8–7 అలాంటిదే. భిన్నాలు వద్దనుకుంటే మొత్తాన్ని 3తో గుణించండి: మూలాలు 0, 9, 24, అవకలజం మూలాలు 4, 18.

ప్రశ్నపత్రం

అద్భుతం. నాలుగో ఘాతానికి?

వెన్నెల

సౌష్ఠవంగా ఉండేవి తేలిక. మూలాలు ±a, ±b అయితే అవకలజం మూలాలు 0, ఇంకా (a² + b²)/2 కి రెండు వర్గమూలాలు. a = 1, b = 7 పెట్టండి: (1 + 49)/2 = 25. మూలాలు −7, −1, 1, 7. అవకలజం మూలాలు −5, 0, 5.

ప్రశ్నపత్రం

సౌష్ఠవం లేకుండా నాలుగు వేర్వేరు పూర్ణాంక మూలాలు, అవకలజానికి మూడు పూర్ణాంక మూలాలు వచ్చేలా చేత్తో కట్టే పద్ధతి ఎవరి దగ్గరైనా ఉందా?